స్నూజ్ లేని మెయిల్ యాప్‌తో సర్దుకుపోవడం: స్టార్లు, రిమైండర్లు, వాటి లెక్క

పలాస–కాశీబుగ్గలో మా బాబాయి జీడిపప్పు ఫ్యాక్టరీకి సొంత డొమైన్ మీద ఒకే మెయిల్ ఖాతా ఉంది. దాన్ని బాబాయి ఫోనులోనూ, నా ఫోనులోనూ, ఆఫీసు కంప్యూటర్‌లోనూ చూస్తాం. రెండు ఫోన్లూ ఆండ్రాయిడ్‌వే. వాటిలోని యాప్‌లో స్టార్ ఉంది, ఫోల్డర్లు ఉన్నాయి, వెతికే పెట్టె ఉంది. "ఈ మెయిల్‌ను బుధవారం మళ్లీ చూపించు" అని చెప్పే వీలు, అంటే స్నూజ్, మాత్రం లేదు. మాకు వచ్చే ఉత్తరాల్లో సగం అలాంటివే. రేటు వచ్చే వారం పంపమంటారు, నమూనా చూసి శుక్రవారం చెబుతామంటారు, డబ్బు పదిహేనో రోజున వేస్తామంటారు.

యాప్ మార్చేస్తే సరిపోదా అన్నదే ఎవరైనా మొదట అడిగేది. ఐఫోను వాడితే సరిపోయేది. 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి ఆపిల్ మెయిల్ యాప్‌లో ఈ సౌకర్యం ఉంది. జీమెయిల్‌లో అంతకు ముందే, 2018 నుంచే ఉంది. కానీ మాది మామూలు ఐమ్యాప్ ఖాతా, అంటే ఉత్తరాలు, వాటి గుర్తులు సర్వర్ మీదే ఉండి అన్ని చోట్లా ఒకేలా కనబడే పద్ధతి. స్నూజ్ ఇచ్చే మూడో పక్షం యాప్‌లు కొన్ని మన పాస్‌వర్డును, మెయిళ్లను తమ సర్వర్లలో ఉంచుకుని పని చేస్తాయి. కొనుగోలుదారుల రేట్లున్న ఉత్తరాలు ఎవరి సర్వర్లోనో ఉండటానికి బాబాయి ఒప్పుకోలేదు. నాకూ అది సబబే అనిపించింది. కాబట్టి యాప్ అదే, ఖాతా అదే. మార్చగలిగింది మా పద్ధతే.

## దశ 1: యాప్‌లో ఎందుకు లేదో చూడటం

ఐమ్యాప్ ప్రమాణంలో (2003 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3501, దాని స్థానంలో 2021లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9051) ఒక ఉత్తరానికి పెట్టగల గుర్తులు కొన్నే ఉన్నాయి. చదివాం, జవాబిచ్చాం, చిత్తుప్రతి, తొలగించాలి, జెండా వేశాం. ఈ చివరిదే `\Flagged`. ఫోనులో మనకు స్టార్‌గా కనిపించేది ఇదే. వీటిలో ఒక్కదానిలోనూ తేదీ రాసుకునే చోటు లేదు. గుర్తు ఉంటుంది, లేదా ఉండదు, అంతే. అందుకే స్నూజ్‌ను ఏ కంపెనీకి ఆ కంపెనీ తన సర్వర్ మీదో, తన యాప్ లోపలో విడిగా కట్టుకుంటుంది. మామూలు ఐమ్యాప్ యాప్‌లో అది లేకపోవడానికి అసలు కారణం ఇది.

స్నూజ్ నిజానికి మూడు పనులు కలిపి చేస్తుంది. ఉత్తరాన్ని కళ్లముందు నుంచి తీసేస్తుంది, చెప్పిన రోజున వెనక్కి తెస్తుంది, తెచ్చినట్టు చెబుతుంది. ఇవి విడివిడి పనులని గ్రహించాక వెతుకులాట తేలికైంది. ఒక్క మీట కోసం కాకుండా, ఒక్కో పనికి ఒక్కో పనిముట్టు కోసం చూడవచ్చు.

మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష తప్పనిసరి:

1. ఫోనులో ఒక ఉత్తరానికి స్టార్ పెట్టాలి.
2. కంప్యూటర్‌లో వెబ్‌మెయిల్ తెరిచి అదే ఉత్తరం చూడాలి.
3. అక్కడ స్టార్ లేకపోతే ఖాతా పాప్3 పద్ధతిలో కలిపి ఉండవచ్చు. దాన్ని తీసేసి ఐమ్యాప్‌గా మళ్లీ కలపాలి.

బాబాయి ఫోనులో సరిగ్గా ఇదే జరిగింది. పాప్3లో ఆయన పెట్టే స్టార్లన్నీ ఆ ఫోనులోనే ఉండిపోయేవి. ఐమ్యాప్‌కు మార్చాక రెండు ఫోన్లూ ఒకే మాట చెప్పడం మొదలైంది.

## దశ 2: "చదవలేదు" అని మార్చి వదిలేయడం (విఫలం)

చాలామంది చేసేది ఇదే. చదివిన ఉత్తరాన్ని మళ్లీ చదవనిదిగా మారుస్తారు, బోల్డ్ అక్షరాలతో కనబడుతుంది కదా అని. రెండు ఫోన్లు, ఒక కంప్యూటర్ ఉన్న చోట ఇది నిలవదు. ఆఫీసు కంప్యూటర్‌లో ఉత్తరం మీదకు కర్సర్ జరిగితే చాలు, ప్రివ్యూ తెరుచుకుని "చదివాం" గుర్తు సర్వర్‌కు చేరిపోతుంది. లెక్కలు చూసే పెద్దాయన ఉదయం ఇన్‌బాక్స్‌ను పైనుంచి కిందికి ఒకసారి తిప్పుతారు. ఆ ఒక్క తిప్పుతో రాత్రి మేం పెట్టిన గుర్తులన్నీ పోయేవి. పైగా కొత్తగా వచ్చినదానికీ, తర్వాత చూడాల్సినదానికీ తేడా తెలియదు.

ఈ పద్ధతి మానేశాం. దీనికి ఇంతకు మించి చోటివ్వడం దండగ.

## దశ 3: స్టార్ ఒక్కటే (సగం విఫలం)

స్టార్‌ను ప్రివ్యూ చెరపదు. ఎవరో కావాలని తీస్తేనే పోతుంది. అందుకని వాయిదా వేసిన ప్రతిదానికీ స్టార్ పెట్టి, యాప్‌లో వరుసను "స్టార్ ఉన్నవి ముందు" అని మార్చాం. కొన్ని వారాల తర్వాత లెక్క తీస్తే:

- మొత్తం స్టార్లు: 41
- పని అయిపోయినా స్టార్ తీయనివి: 17
- ఎప్పటికీ దాచుకోవడానికి పెట్టినవి (బ్యాంకు వివరాలు, లైసెన్సు కాగితాలు): 9
- నిజంగా వాయిదాలో ఉన్నవి: 15

ఒకే గుర్తుకు రెండు అర్థాలు వచ్చేశాయి. బాబాయికి స్టార్ అంటే ముఖ్యమైనది, నాకు స్టార్ అంటే తర్వాత చూడాల్సింది. ఉన్న 15లో ఏది రేపటిది, ఏది వచ్చే నెలది అని చెప్పేదేమీ లేదు. ప్రతి ఉదయం నలభై ఒక్కటీ కళ్లతో తిప్పాల్సి వచ్చేది. తిప్పీ తిప్పీ కళ్లకు అలవాటైపోయి అసలు చూడటమే మానేశాం.

మార్చినవి రెండు. దాచుకోవాల్సిన 9 ఉత్తరాలకు `Papers` అనే ఫోల్డరు చేసి అందులోకి పంపాం. స్టార్ అంటే వాయిదా మాత్రమేనని ఇద్దరం ఒప్పుకున్నాం. అయిపోయిన 17 నుంచి స్టార్లు తీసేశాం.

నడుస్తున్న లెక్క: స్టార్లు 15, రిమైండర్లు 0.

## దశ 4: స్టార్‌కు తోడుగా క్యాలెండరు

ఇక ఆ 15కూ తేదీలు కావాలి. ఫోను క్యాలెండరులో ఒక్కోదానికి ఒక్కో ఈవెంటు పెట్టాం. ఇక్కడే ఎక్కువ దెబ్బలు తిన్నాం, అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదటి ఇబ్బంది శీర్షిక. రిమైండర్ మోగితే "మెయిల్ చూడాలి" అని ఉంటే ఏ మెయిలో తెలియదు. మా యాప్‌లో ఒక ఉత్తరానికి నేరుగా వెళ్లే లింకు తీసుకునే దారి లేదు, కాబట్టి రిమైండర్ నుంచి ఉత్తరానికి ఉన్న ఏకైక వంతెన వెతుకులాటే. శీర్షికలో చేయాల్సిన పని ముందు, వెతకాల్సిన మాట తర్వాత రాయాలి. ఆ మాట ఆ ఉత్తరానికే ప్రత్యేకంగా ఉండాలి. మాకు వచ్చేవాటిలో "Enquiry" అనే విషయంతోనే బోలెడన్ని ఉంటాయి. బిల్లు నంబరు ఉంటే అది రాయడం ఉత్తమం. లేకపోతే పంపినవారి మెయిల్ చిరునామాలో @ ముందున్న భాగం, దాని పక్కన ఉత్తరం వచ్చిన తేదీ.

రెండో ఇబ్బంది వెతుకులాటలోనే ఉంది. శీర్షిక సరిగా రాసినా ఫోను "ఏమీ దొరకలేదు" అనేది. యాప్ ప్రతి ఫోల్డరు నుంచి ఇటీవలి ఉత్తరాలు కొన్నిటినే ఫోనులోకి దించుకుంటుంది, మామూలుగా వెతికితే వాటిలోనే చూస్తుంది. ఫలితాల అడుగున "సర్వర్‌లో వెతుకు" అన్నది నొక్కితే దొరికింది. ఖాతా సెట్టింగుల్లో దించుకునే సంఖ్యను పెంచాక ఆ అవసరం తగ్గింది. ఉత్తరం పోయిందని గాభరా పడే ముందు ఇది చూడండి.

మూడోది ఆలస్యం. ఫోను స్క్రీన్ ఆపి బల్ల మీద వదిలేసి, ఉదయం 6 గంటలకు, 6.20కి పరీక్ష రిమైండర్లు పెట్టాను. మొదటిది 6.11కి, రెండోది నేను ఫోను చేతిలోకి తీసుకున్నాకే మోగాయి. వాడకుండా పడి ఉన్న ఫోను బ్యాటరీ ఆదా కోసం యాప్‌లను నిద్రపుచ్చుతుంది. 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్ చేసే పని ఇదే. దీనికి తోడు కొన్ని కంపెనీల ఫోన్లు ఇంకా కఠినంగా ఉంటాయి. సరిచేసిన వరుస:

1. సెట్టింగుల్లో ఆ యాప్ పేజీ తెరిచి, బ్యాటరీ దగ్గర పరిమితి లేకుండా ఉండేట్టు మార్చాలి.
2. ఆండ్రాయిడ్ 12, ఆ పైవాటిలో అదే పేజీలో అలారాలు, రిమైండర్ల అనుమతి కనిపిస్తే ఇవ్వాలి.
3. మళ్లీ రెండు పరీక్ష రిమైండర్లు పెట్టి, ఫోనును ముట్టుకోకుండా గంట వదిలేయాలి.

మార్పు తర్వాత రెండూ ఆ నిమిషంలోనే మోగాయి.

నాలుగోది క్యాలెండరు స్వభావం. ఈవెంటుకు మామూలుగా కొన్ని నిమిషాల ముందు మోగుతుంది. మాకు ఆ సమయానికే కావాలి కాబట్టి "ఈవెంటు సమయంలో" అని మార్చాం. అది చిన్న విషయం. పెద్ద విషయం ఏమిటంటే, గ్రేడింగు బల్ల దగ్గర ఉన్నప్పుడు మోగితే వేలితో పక్కకు తోసేస్తాం. తోసేశాక ఆ ఈవెంటు నిన్నటి గడిలోకి వెళ్లిపోతుంది. నిన్నటి గడిని ఎవరూ చూడరు.

వారం చివర లెక్క: స్టార్లు 22, రాబోయే రిమైండర్లు 16. తేడా 6. మూడింటికి అసలు రిమైండరే పెట్టలేదు. మిగతా మూడు మోగి, తోసేయబడి, గడిలో సమాధి అయినవి.

## దశ 5: క్యాలెండరు బదులు టాస్కుల జాబితా

ఆ మూడు సమాధుల వల్లే క్యాలెండరు వదిలి టాస్కుల యాప్‌కు మారాం. టాస్కుకు కూడా తేదీ, సమయం ఉంటాయి, అదీ మోగుతుంది. తేడా ఒక్కటే. టిక్కు పెట్టే దాకా టాస్కు పోదు. గడువు దాటితే జాబితా పైన ఎర్రగా నిలబడుతుంది. వాయిదా వేసిన ఉత్తరానికి కావాల్సిన మొండితనం అదే.

ఒక కేసును మొదటి నుంచి చివరి దాకా రాస్తాను. విజయనగరంలో ఒక మిఠాయి దుకాణం వాళ్లు డబ్ల్యూ 320 గ్రేడు నమూనా తీసుకుని, "సిరిమానోత్సవం అయ్యాక రేటు పంపండి" అని సెప్టెంబరులో రాశారు. స్నూజ్ ఉన్న యాప్ కూడా రేపు, వారాంతం, వచ్చే వారం అనే సిద్ధంగా చూపిస్తుంది. సిరిమానోత్సవం ఎప్పుడో దానికి తెలియదు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగుతుంది. 2025లో విజయదశమి అక్టోబరు 2, గురువారం. సిరిమాను 7, మంగళవారం. ఆ మర్నాడు దుకాణాల వాళ్లు కొంత ఊపిరి పీల్చుకుంటారని 8, బుధవారం ఉదయం 9.30 ఎంచుకున్నాం.

1. ఉత్తరానికి స్టార్ పెట్టాం.
2. టాస్కు శీర్షిక: `రేటు పంపాలి – W320 నమూనా – వచ్చిన తేదీ 18-9`
3. తేదీ 8-10-2025, సమయం 9.30.
4. ఉత్తరాన్ని ఇన్‌బాక్స్ నుంచి `Later` ఫోల్డరుకు తరలించాం.

నాలుగో మెట్టు కళ్లముందు నుంచి తీసేసే పని. మొదట్లో ఒక్కో ఉత్తరానికి ఈ నాలుగూ చేయడానికి 50 సెకన్లు పట్టేది. యాప్‌లో ఎడమవైపు స్వైప్‌కు స్టార్, కుడివైపు స్వైప్‌కు ఫోల్డరుకు తరలించడం పెట్టాక 25 సెకన్లకు దిగింది. మిగిలిన సమయమంతా శీర్షిక టైపు చేయడానికే.

అక్టోబరు 8న టాస్కు మోగింది. వెతికితే ఉత్తరం దొరికింది, రేటు రాసి పంపాం. గంట తర్వాత జవాబు: "ఆదివారమే అడిగాం కదా, పది కిలోల డబ్బాలు ఎన్ని ఉన్నాయని?" ఆదివారం వాళ్లు రాసిన కొత్త ఉత్తరం ఇన్‌బాక్స్‌లో వేరుగా పడి ఉంది. పాతది మాత్రం `Later`లో ఉంది. జీమెయిల్‌లో స్నూజ్ చేసిన సంభాషణకు కొత్త జవాబు వస్తే అది మొత్తంగా ఇన్‌బాక్స్‌కు తిరిగి వస్తుంది. చేత్తో చేసే పద్ధతిలో ఆ తెలివి ఉండదు. దానికోసం మోగిన తర్వాతి వరుస మార్చాం:

1. ముందుగా శీర్షికలోని మాట కాదు, పంపినవారి చిరునామా వెతకాలి.
2. వాయిదా వేసిన తర్వాత వారినుంచి ఏమైనా వచ్చిందా చూడాలి.
3. అప్పుడే పని చేయాలి.
4. స్టార్ తీయాలి, టాస్కుకు టిక్కు పెట్టాలి. రెండూ ఒకే కూర్చోవడంలో.

నెలనెలా వచ్చేవాటికి ఇదంతా అక్కర్లేదు. జీఎస్టీఆర్-3బీ గడువు 20 కాబట్టి, 16న తిరిగి తిరిగి వచ్చే టాస్కు ఒకటి పెట్టాం. దానికి ఉత్తరంతో పనే లేదు.

శనివారం సాయంత్రం తాళం వేసే ముందు స్టార్లు ఎన్ని, టిక్కు పడని టాస్కులు ఎన్ని అని పోల్చి చూస్తున్నాం. పుస్తకంలోని నగదు, పెట్టెలోని నగదు కలిశాయా అని చూసినట్టే. అంకె కలవకపోతే ఎటు తేడా ఉందో దాన్నిబట్టి కారణం తెలుస్తుంది. స్టార్లు ఎక్కువైతే తేదీ పెట్టని ఉత్తరాలున్నాయి. టాస్కులు ఎక్కువైతే ఎవరో పని ముగించి స్టార్ మాత్రమే తీశారు.

నడుస్తున్న లెక్క:

- మొదటి శనివారం: స్టార్లు 22, టాస్కులు 19
- రెండో శనివారం: స్టార్లు 18, టాస్కులు 20
- మూడో శనివారం: స్టార్లు 16, టాస్కులు 16

రెండో శనివారం నాటి ఆ రెండూ బాబాయి ఫోనులో మాట్లాడి ముగించినవి. "పని అయిపోయింది కదరా, మళ్లీ టిక్కు ఎందుకు?" అన్నారు. ఆయన ప్రశ్నలో తప్పు లేదు. టాస్కులు నా ఫోనులో ఉన్నాయి, స్టార్లు ఇద్దరికీ కనబడతాయి. ఆయనకు టిక్కు పెట్టే చోటే లేదు.

## దశ 6: రోజుల ఫోల్డర్లు

రెండు మూడు రోజుల్లో చూడాల్సిన చిన్నవాటికి టాస్కు టైపు చేయడం బరువుగా అనిపించింది. సర్వర్‌లో `Later-Mon` నుంచి `Later-Sat` దాకా ఆరు ఫోల్డర్లు చేశాం. గురువారం చూడాల్సినదాన్ని `Later-Thu`లోకి తోస్తే చాలు. ప్రతి ఉదయం ఒక చిన్న స్క్రిప్టు ఆ రోజు ఫోల్డరును ఇన్‌బాక్స్‌లోకి ఖాళీ చేస్తుంది. వారం దాటినవాటికి ఇది పనికిరాదు.

```python
import imaplib, os, time
m = imaplib.IMAP4_SSL("mail.example.in")
m.login(os.environ["MUSER"], os.environ["MPASS"])
m.select("Later-" + time.strftime("%a"))
ok, data = m.uid("SEARCH", "ALL")
for u in data[0].split():
    m.uid("STORE", u, "+FLAGS", r"(\Flagged)")
    m.uid("STORE", u, "-FLAGS", r"(\Seen)")
    m.uid("MOVE", u, "INBOX")
m.logout()
```

మొదటిసారి నడిపితే `illegal in state AUTH` అని ఆగిపోయింది. ఆ పేరుతో ఫోల్డరు సర్వర్‌కు దొరకలేదని దాని భావం. కొన్ని సర్వర్లలో ఫోల్డర్లన్నీ ఇన్‌బాక్స్ కింద ఉంటాయి, అప్పుడు అసలు పేరు `INBOX.Later-Mon` అవుతుంది. మూడో పంక్తి తర్వాత `print(m.list())` పెట్టి చూస్తే అసలు పేర్లు కనబడతాయి. `MOVE` కూడా అన్ని సర్వర్లలో ఉండదు. అది 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6851తో అదనంగా వచ్చిన ఆదేశం.

తర్వాతి ఇబ్బంది తమాషాగా ఉంది. స్క్రిప్టు తప్పులేకుండా నడిచేది, కానీ ఇన్‌బాక్స్‌లో ఏమీ కనబడేది కాదు. తిరిగొచ్చిన ఉత్తరం తన పాత తేదీని వెంట తెచ్చుకుంటుంది. యాప్ తేదీ వరుసలో పెడుతుంది కాబట్టి అది నాలుగు రోజుల కిందికి వెళ్లి కూర్చుంటుంది. స్క్రిప్టులో స్టార్ పెట్టి, చదవనిదిగా మార్చే రెండు పంక్తులు అందుకే చేర్చాను. దశ 3లో పెట్టుకున్న "స్టార్ ఉన్నవి ముందు" వరుసతో ఇప్పుడవి పైనే కనబడుతున్నాయి.

మొదట దీన్ని ఆఫీసు కంప్యూటర్‌లో ఉదయం 7.30కి పెట్టాం. ఆ సమయానికి కరెంటు లేకపోతే ఆ రోజు ఫోల్డరు కదలదు, చెప్పిన సమయానికి స్క్రిప్టును నడిపే క్రాన్ తప్పిపోయిన పనిని తర్వాత చేయదు. మంగళవారానికి వేసినది మళ్లీ మంగళవారం దాకా అక్కడే. ఒక లారీ రసీదు ఉత్తరం అలా వారం నిద్రపోయింది. దాంతో స్క్రిప్టును డొమైన్ ఉన్న హోస్టింగు సర్వర్‌కు మార్చాం. ఆ సర్వర్ గడియారం యూటీసీలో ఉంది, మనకంటే ఐదున్నర గంటలు వెనుక. అందుకని 7.30కి బదులు 2 గంటలు:

```
0 2 * * 1-6 /home/office/later.sh
```

పై స్క్రిప్టును నడిపేది `later.sh`. అందులో పాస్‌వర్డు ఉంటుంది కాబట్టి దానికి అనుమతి `chmod 700`.

రోజుల ఫోల్డర్లలోని వాటిని శనివారం లెక్కలో కలపడం లేదు. స్క్రిప్టు వెనక్కి తెచ్చాక వాటికి స్టార్ వస్తుంది, ఆ రోజే తేల్చకపోతే టాస్కు పెట్టి లెక్కలోకి తెస్తాం.

## ప్రస్తుతం

- స్టార్లు: 14
- టాస్కులు: 14
- రోజుల ఫోల్డర్లలో: 5
- కొత్త ఖర్చు: లేదు

మిగిలింది బాబాయి టిక్కు సంగతి. ఇద్దరూ మార్చగల ఉమ్మడి టాస్కుల జాబితా ఉన్న యాప్‌ను ఆయన ఫోనులో వేశాం. వచ్చే రెండు శనివారాల లెక్క దానితోనే తీస్తాను. తేడా మళ్లీ టాస్కుల వైపే వస్తే, ఫోనులో ముగించిన పనులకు ఆయన టిక్కు పెట్టనక్కర్లేదు. స్టార్ తీసేస్తే చాలు, మిగతాది శనివారం నేను చూసుకుంటాను.